పచ్చడి సీసా మీద 5,600, డాక్టరు చెప్పినది 5 గ్రాములు: సోడియం లెక్క ఎలా చూడాలి?

కృష్ణాతీరం:
మా అమ్మగారికి 64 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా రక్తపోటుకు టెల్మిసార్టాన్ వాడుతున్నారు. గత నెల పై అంకె 160కి తగ్గకపోవడంతో, రోజుకు అన్నీ కలిపి 5 గ్రాముల ఉప్పు దాటవద్దని డాక్టరుగారు చెప్పారు. అప్పటినుంచి ఇంట్లోకి వచ్చే ప్రతి ప్యాకెట్ వెనుక భాగం చదువుతున్నాను గానీ, చదివేకొద్దీ అయోమయం పెరుగుతోంది. మేము కొనే ఆవకాయ సీసా మీద 100 గ్రాములకు సోడియం 5,600 మిల్లీగ్రాములు అని ఉంది. అదే వరుసలో చివరన 28 శాతం అని కూడా ఉంది. 5,600 అంటే 5.6 గ్రాములు కాబట్టి పరిమితి దాటిపోయిందని ఒకసారి, 28 శాతమే కదా అని మరొకసారి అనిపిస్తోంది. సోడియం, ఉప్పు ఒకటేనా? ఈ రెండు అంకెల్లో అమ్మకు వర్తించేది ఏది?

నల్లమల:
సోడియం, ఉప్పు ఒకటి కావండి. ఉప్పులో సోడియం ఐదింట రెండు వంతులు మాత్రమే ఉంటుంది, మిగిలినది క్లోరైడ్. కాబట్టి ప్యాకెట్ మీది సోడియాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. మీ సీసాలో 100 గ్రాముల పచ్చడికి 14 గ్రాముల ఉప్పు ఉన్నట్టు. అయితే దానితో లెక్క పూర్తి కాదు. పదార్థాల జాబితాలో నిల్వ కోసం వేసే సోడియం బెంజోయేట్ అనో, దాని సంకేతమైన 211 అనే సంఖ్యో, నూడుల్స్ మసాలాలో అయితే రుచి కోసం వేసే మోనోసోడియం గ్లూటమేట్ సంకేతమైన 621 అనో ఉంటే వాటి సోడియాన్ని కూడా విడిగా కలుపుకోవాలి. మా ఇంట్లో ఈ బాధ లేకుండా మొత్తం సైంధవ లవణానికి మారిపోయాము, మీరు కూడా అదే చేయడం మంచిది.

తులసికోట:
నేను ఆహార పరీక్షా ప్రయోగశాలలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. నల్లమల గారు చెప్పిన రెండున్నర లెక్క సరైనదే గానీ, విడిగా కలుపుకోవాలన్న మాట సరికాదు. ప్రయోగశాలలో పచ్చడి నమూనాను బూడిద చేసి, ఆమ్లంలో కరిగించి, ఆ ద్రావణంలో సోడియం ఎంత ఉందో పరికరంతో కొలుస్తాము. ఆ సోడియం ఉప్పు నుంచి వచ్చిందా, తినే సోడా నుంచి వచ్చిందా, నిల్వ కోసం వేసిన పదార్థం నుంచి వచ్చిందా అన్నది పరికరానికి తెలియదు, అన్నీ కలిసే అంకెలో పడతాయి. కొలవకుండా పదార్థాల పాళ్లనుబట్టి లెక్కగట్టే సంస్థలు కూడా అన్నిటినీ కలిపే చూపవలసి ఉంటుంది. కాబట్టి విడిగా కలిపితే ఒకే సోడియాన్ని రెండుసార్లు లెక్కించినట్టవుతుంది. పదార్థాల జాబితా చదవడం వలన ప్రయోజనం వేరే ఉంది. ఉప్పగా తెలియని అప్పడంలోనూ బిస్కెట్‌లోనూ సోడియం ఎందుకు ఎక్కువగా ఉందో అక్కడ అర్థమవుతుంది.

సైంధవ లవణం విషయంలో మాత్రం నిర్మొహమాటంగా చెప్పాలి. అది కూడా దాదాపు పూర్తిగా సోడియం క్లోరైడే. గులాబీ రంగు ఇచ్చే ఖనిజాలు అందులో చాలా స్వల్పం. రక్తపోటు ఉన్నవారు దానికి మారి, మునుపటికంటే ధారాళంగా వేసుకోవడం నేను ఎన్నో ఇళ్లలో చూశాను.

ఇక కృష్ణాతీరం గారి అసలు ప్రశ్నకు వస్తాను. మన దేశంలో ప్యాకెట్ మీది శాతాన్ని రోజుకు 2,000 మిల్లీగ్రాముల సోడియం అన్న ప్రమాణంతో లెక్కిస్తారు. మీ డాక్టరుగారు చెప్పిన 5 గ్రాముల ఉప్పు, ఈ 2,000 మిల్లీగ్రాముల సోడియం ఒకే పరిమితికి రెండు పేర్లు. అయితే ఆ శాతం 100 గ్రాములకు కాదు, ఒక వడ్డనకు. వడ్డన అంటే ఎంతో ఆ పట్టిక పైనో కిందో చిన్న అక్షరాలలో ఉంటుంది. పచ్చడి సీసా మీద 28 శాతం అని ఉందంటే తయారీదారు వడ్డనను 10 గ్రాములుగా తీసుకున్నారన్నమాట. 5,600లో పదో వంతు 560, అది 2,000లో 28 శాతం. అమ్మగారు ఒక పూట వేసుకునే పచ్చడి పది గ్రాములేనా అన్నది ఆ సీసా చెప్పలేదు, మీ వంటింటి త్రాసు మాత్రమే చెప్పగలదు. ఆమె అలవాటుగా వడ్డించుకునేంత పచ్చడిని ఖాళీ గిన్నెలో వేసి తూచండి.

కృష్ణాతీరం:
తూచాను. అమ్మ తన చేత్తోనే వేసుకున్న చెంచా 16 గ్రాములు వచ్చింది. మధ్యాహ్నం ఒకటి, రాత్రి పెరుగన్నంలోకి ఒకటి, మొత్తం 32 గ్రాములు. అంటే సుమారు 1,790 మిల్లీగ్రాముల సోడియం. అప్పడాల ప్యాకెట్ మీద 100 గ్రాములకు 1,800 ఉంది, అప్పడం ఒక్కొక్కటి 12 గ్రాములు, రోజుకు రెండు. అక్కడ ఇంకో 430. కూరలో, పప్పులో వేసే ఉప్పును ముట్టుకోకముందే 2,200 దాటింది. వడ్డన 28 శాతమే అన్న ధైర్యంతో ఇన్నాళ్లు పచ్చడిని పట్టించుకోలేదు. నిజంగా బాధగా ఉంది. వేయించిన అప్పడం నూనె పీల్చుకుని బరువు పెరుగుతుంది కదా, ఏ బరువు తీసుకోవాలి?

తులసికోట:
పచ్చి అప్పడం బరువే తీసుకోవాలి. ప్యాకెట్ మీది అంకె ప్యాకెట్‌లో ఉన్న స్థితికే వర్తిస్తుంది. ఉప్మా మిక్స్ వంటి వాటికీ అంతే, పొడి మిశ్రమాన్ని తూచాలి, ఉడికిన ఉప్మాను కాదు.

పచ్చడిలో ఇంకొక సంగతి గమనించండి. ఉప్పు నూనెలో కరగదు. సీసా మీది అంకె ముక్క, పిండి, నూనె అన్నీ కలిపిన సగటు. అందువలన పైన తేలిన నూనెను పక్కకు వంచి అడుగున ఉన్న ముద్దను వేసుకునేవారికి, అదే బరువుకు ముద్రించిన దానికంటే ఎక్కువ సోడియం అందుతుంది. నూనె మంచిది కాదని అలా చేసే రక్తపోటు రోగులు చాలామంది ఉన్నారు.

లీడ్స్ నుంచి:
మా అత్తగారు వేసవిలో మా దగ్గర ఉన్నప్పుడు నేను చేసిన పొరపాటు ఇక్కడ చెప్పడం ఉపయోగమనుకుంటాను. బ్రిటన్‌లో పట్టిక చివరి వరుసలో సోడియం ఉండదు, నేరుగా ఉప్పు అనే ఉంటుంది, అదీ గ్రాములలో. ఇక్కడి సూప్ ప్యాకెట్ మీద ఒక వడ్డనకు 1.5 అని, ఆమె ఇండియా నుంచి తెచ్చుకున్న ఉప్మా మిక్స్ మీద ఒక వడ్డనకు 600 మిల్లీగ్రాములు అని చూసి, 0.6 కంటే 1.5 ఎక్కువ కాబట్టి ఉప్మాయే నయమని నెలన్నర పాటు రోజూ అదే చేసి పెట్టాను. 600 మిల్లీగ్రాముల సోడియం అంటే సరిగ్గా 1.5 గ్రాముల ఉప్పేనని, రెండూ సమానమేనని తరువాత తెలిసింది. ఇక్కడ చాలా ప్యాకెట్ల ముందు భాగంలో రంగులు కూడా ఉంటాయి. సాధారణంగా 100 గ్రాములకు ఉప్పు 0.3 గ్రాముల లోపు ఉంటే ఆకుపచ్చ, 1.5 దాటితే ఎరుపు. ఇండియా ప్యాకెట్లను ఆ కొలతతో చూడాలంటే 1.5 గ్రాములను 600 మిల్లీగ్రాముల సోడియంగా గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది.

గోదావరి శ్రీను:
ఇన్ని లెక్కలు ఎందుకని నాకు ఒకప్పుడు అనిపించి, మా నాన్నగారికి దుకాణంలో దొరికే తక్కువ సోడియం ఉప్పు తెచ్చిపెట్టాను. ఆయన కూడా టెల్మిసార్టానే వాడేవారు, మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ కాస్త ఎక్కువగా ఉండేది. రెండు నెలలకు కాళ్లలో నీరసం, గుండె దడ వచ్చి ఆసుపత్రిలో చేర్చితే రక్తంలో పొటాషియం బాగా పెరిగిందన్నారు. ఆ ఉప్పు ప్యాకెట్ వెనుక పొటాషియం క్లోరైడ్ అని స్పష్టంగానే ఉంది. నేను ముందువైపు పెద్ద అక్షరాలు మాత్రమే చదివాను. మీ అమ్మగారు వాడే మందు అదే కాబట్టి ఈ మాట చెప్పకుండా ఉండలేకపోయాను.

తులసికోట:
శ్రీను గారు అడగని ప్రశ్నకు చాలా అవసరమైన జవాబు ఇచ్చారు. అటువంటి ఉప్పులో కొంత సోడియం క్లోరైడ్ తీసివేసి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. మూత్రపిండాలు బాగున్నవారిలో చాలామందికి అది మేలే చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2025 జనవరిలో అటువంటి ఉప్పును సూచించింది, కానీ మూత్రపిండాల సమస్య ఉన్నవారిని ఆ సూచన నుంచి మినహాయించింది. టెల్మిసార్టాన్ వంటి మందులు శరీరం నుంచి పొటాషియం బయటకు పోవడాన్ని తగ్గిస్తాయి. అందుచేత కృష్ణాతీరం గారు క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించి డాక్టరుగారిని అడిగిన తరువాతనే ఆ ఉప్పు సంగతి ఆలోచించాలి.

మందుల షాపు వెంకట్:
తినే ప్యాకెట్లే చూస్తున్నారు, గ్యాస్‌కు నీళ్లలో వేస్తే పొంగే పొడులను కూడా చూడండి. అవి మందుల కిందికి వస్తాయి కాబట్టి పోషకాల పట్టిక ఉండదు, సోడియం అన్న వరుస ఉండదు. సోడియం బైకార్బొనేట్ ఇన్ని గ్రాములు అని మాత్రమే ఉంటుంది. అందులో నాలుగో వంతుకు కొంచెం పైన సోడియం. 5 గ్రాముల పొట్లంలో 2.3 గ్రాముల బైకార్బొనేట్ ఉంటే దానినుంచే సుమారు 630 మిల్లీగ్రాముల సోడియం వస్తుంది. నొప్పికి వాడే, నీళ్లలో కరిగే మాత్రలలో కూడా ఇదే సంగతి. రక్తపోటు మాత్రలతోపాటు ఈ పొట్లాలు డజను చొప్పున కొనేవారు మా దగ్గరకు రోజూ వస్తారు.

కృష్ణాతీరం:
అమ్మ రాత్రి భోజనం తరువాత వారానికి మూడు నాలుగుసార్లు అదే తాగుతారు. ఈ రోజు నుంచి ఆపించి, గ్యాస్‌కు వేరే మందు డాక్టరుగారిని అడుగుతాను. ఇంకొక్క సందేహం. కూరలలో వేసే ఉప్పుకు లేబుల్ ఉండదు కదా, దానిని ఎలా పట్టుకోవాలి? మా ముగ్గురికి కిలో ప్యాకెట్ దాదాపు 50 రోజులు వస్తుంది.

తులసికోట:
అంటే రోజుకు 20 గ్రాములు, మనిషికి 6.7 గ్రాముల దాకా. ఇది గరిష్ఠ అంచనా మాత్రమే, ఎందుకంటే కూరగాయలు కడగడానికి వాడినది, పారబోసినది కూడా ఇందులో ఉంది. అయినా పచ్చడి, అప్పడం పూర్తిగా మానేసినా పరిమితి దాటే అవకాశం ఉందని ఇది చెబుతోంది. ప్యాకెట్ తెరిచిన తేదీని దాని మీదే రాసి, మూడు నెలలు గమనించండి. ముగ్గురికి కిలో ఉప్పు 80 రోజులు వస్తే మనిషికి రోజుకు 4 గ్రాముల దగ్గరకు వస్తారు.

నల్లమల:
విడిగా కలపడం గురించి నా అవగాహన తప్పని ఒప్పుకుంటున్నాను. సైంధవ లవణం వలన మా ఇంట్లో కాళ్ల వాపు తగ్గిందన్న అనుభవాన్ని మాత్రం వదులుకోలేను, అది దేనివలన తగ్గిందో డాక్టరును అడిగి చూస్తాను. నాకొక ప్రశ్న ఉంది. మా ఆవిడ పెట్టే ఆవకాయకు ఏ లేబులూ లేదు. 2 కిలోల ముక్కలకు ఉప్పు, ఆవపిండి, కారం తలా 300 గ్రాములు, నూనె అరకిలో. దీనికి సోడియం చెప్పగలమా?

తులసికోట:
అంతా కలిపి 3,400 గ్రాములు, అందులో ఉప్పు 300. అంటే 100 గ్రాముల పచ్చడికి 9 గ్రాములకు కాస్త తక్కువ ఉప్పు, సుమారు 3,500 మిల్లీగ్రాముల సోడియం. కృష్ణాతీరం గారు కొనే సీసాకంటే ఇది బాగా తక్కువ. అయితే ఊరిన తరువాత ముక్క ఎంత ఉప్పు పీల్చుకుంటుందో, ముద్దలో ఎంత మిగులుతుందో నేను ఎప్పుడూ విడివిడిగా కొలవలేదు. ముక్క ఒక్కటే తిని ముద్ద వదిలేసేవారికి ఈ సగటు ఎంతవరకు సరిపోతుందో చెప్పలేను. ఇక్కడ ఎవరైనా కొలిచి ఉంటే తెలుపగలరు.