క్యాంపస్ విజిట్ మెయిల్: "ఒరిజినల్స్ తేవద్దు" అని ఎక్కడ రాయాలి?

మా ఇంజనీరింగ్ కాలేజీలో అడ్మిషన్ల మెయిల్స్ నేనే రాస్తాను. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలయ్యేలోపు ఒక శనివారం పిల్లలకూ తల్లిదండ్రులకూ క్యాంపస్ చూపిస్తున్నాం. ఉదయం 10కి ఒక బ్యాచ్, మధ్యాహ్నం 2కి ఇంకొకటి. వచ్చేవాళ్లందరి పేర్లూ గురువారంలోగా ఫారంలో నింపాలి. ఫారం నింపాక వచ్చే మెసేజ్, ఆధార్ గేటు దగ్గర చూపిస్తే చాలు.

"తెచ్చుకోవాల్సినవి" అని కనిపించగానే చాలామంది ఇదే అడ్మిషన్ అనుకుని ఒరిజినల్ టీసీ, మెమోలు, డబ్బు పట్టుకొస్తారు. బస్సులో అవి పోతే రేపు సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లో పిల్లలకే కష్టం. కన్వీనర్ సీటు ర్యాంకును, వెబ్ ఆప్షన్లను బట్టే వస్తుంది, ఈ విజిట్‌తో సంబంధం లేదు. ర్యాంక్ కార్డు జిరాక్స్ ఉంటే బ్రాంచి గురించి మాట్లాడుకోవచ్చు, అంతే.

"ఒరిజినల్స్ తేవద్దు" అనే మాట సబ్జెక్ట్ లైన్‌లో పెట్టాలా, టైమింగ్స్ కంటే ముందా? ఇలాంటి మెయిల్ అందుకున్న తల్లిదండ్రులు చెప్పండి, మీరు ముందు ఏం చదివారు?