బొమ్మలో పాముకు 100 రాయాలా, 10 రాయాలా?

తిరుచానూరు టీచరమ్మ
పదో తరగతి ట్యూషన్‌లో ఆహార జాలకం బొమ్మ గీసి వరికి 10,000, ఎలుకకూ మిడతకూ 1,000, కప్పకు 100 కిలోకేలరీలు అని రాసుకుంటూ వచ్చాను. పాము దగ్గర ఒక అమ్మాయి ఆపింది. "అది ఎలుకనూ తింటుంది, కప్పనూ తింటుంది కదా మేడమ్, 100 రాయాలా, 10 రాయాలా?" అంది. వెనక బెంచీ నుంచి ఇంకో ప్రశ్న: "మిగతా తొంభై శాతం ఎక్కడికి పోయింది?" రేపు చెబుతానని తప్పించుకున్నాను.

బీఈడీ విద్యార్థి
తొంభై శాతం వేడిగా పోతుంది మేడమ్. ప్రతి మెట్టులోనూ సరిగ్గా పదో వంతే మిగులుతుంది. పాముకు రెండూ కలిపి 110 రాసేయండి.

పలమనేరు రైతు
ఎలుకల బెడదేనా అమ్మా? మా వేరుశనగ చేను గట్టు మీద బొరియ తవ్వితే దోసెడు కాయలు దొరికాయి. సగం బూజు పట్టాయి, కొన్ని మొలకెత్తాయి. గుడ్లగూబలు వాలడానికి చేలో కర్రలు పాతండి.

విశ్రాంత జంతుశాస్త్ర లెక్చరర్
రైతుగారు ప్రశ్న సరిగా చదవలేదు కానీ జవాబులో సగం చెప్పేశారు. బూజు పట్టిన ఆ కాయల్లోని శక్తి ఎలుక ఒంట్లో వేడిగా మారలేదు, బూజుకు తిండి అయింది.

ఫ్లోరిడాలోని సిల్వర్ స్ప్రింగ్స్ ఊటను హోవర్డ్ ఓడమ్ కొలిచి 1957లో ప్రచురించిన లెక్క చూడండి. ఏడాదికి, చదరపు మీటరుకు శాకాహారులకు ఒంటబట్టినది 3,368 కిలోకేలరీలు. అందులో 1,890 శ్వాసక్రియలో ఖర్చై వేడిగా పోయింది. శరీరంగా నిలిచిన 1,478లో మాంసాహారులకు అందినది 383. మిగిలిన 1,095 వేటాడే నోటికి చిక్కలేదు. చచ్చి కుళ్లింది, లేదా నీటితో పాటు కొట్టుకుపోయింది. కాబట్టి "అంతా వేడే" అనడం సగమే నిజం. కుళ్లినదాన్ని తిన్న సూక్ష్మజీవులు కూడా చివరికి దాన్ని వేడిగానే వదులుతాయనుకోండి, అది వేరే దారి.

పదో వంతు కూడా ఉజ్జాయింపే. అదే ఊటలో మెట్టు మెట్టుకూ అందినది దాదాపు 16, 11, ఐదున్నర శాతం.

తిరుచానూరు టీచరమ్మ
మరి పాము సంగతి సార్?

విశ్రాంత జంతుశాస్త్ర లెక్చరర్
ఆ అంకెలు మెట్టువి, జంతువువి కావమ్మా. 1,000 అన్నది ఎలుకలూ మిడతలూ అన్నిటికీ కలిపి. దాన్ని ఒక్క ఎలుక పక్కన రాయడంతోనే చిక్కు మొదలైంది. 110 కూడా అందుకే తప్పు: ఎలుకలన్నిటినీ పాములే తినవు, గద్ద వాటా ఎక్కడ? పాము తిండిలో సగం ఎలుకలు, సగం కప్పలు అయితే దాని స్థానం మూడు, నాలుగు మెట్ల మధ్యన, మూడున్నర.

బీఈడీ విద్యార్థి
పరీక్షలో మూడున్నర అని రాస్తే మార్కు వేస్తారా సార్?

తిరుచానూరు టీచరమ్మ
నాకూ అదే భయం. రేపు అంకెలన్నీ చెరిపి, బొమ్మ పక్కన మెట్లు విడిగా గీస్తాను.

పలమనేరు రైతు
ఇంతకీ ఎన్ని ఎలుకలుంటే ఒక గుడ్లగూబ నిలుస్తుంది సార్?