అప్‌డేట్: ఒకటే టాపిక్, మూడు ప్లాన్లు

నేను అడిగింది: "హన్మకొండలో గ్రూప్-1 మెయిన్స్‌కు చదువుతున్న. 'చర్చించండి' అన్నా, 'మూల్యాంకనం చేయండి' అన్నా నా జవాబు ప్లాన్ ఒక్కతీరే వస్తోంది. తేడా ఎక్కడ చూపాలె?"

అప్‌డేట్: జవాబు చెప్పిన అన్నలకు, అక్కలకు థాంక్స్. మీరన్నట్టే, 2015లో మొదలైన చెరువుల బాగుచేత పథకం మిషన్ కాకతీయ మీదనే, ప్రశ్నలోని క్రియాపదం మార్చుకుంట మూడు ప్లాన్లు వేసిన.

'చర్చించండి' తేలిగ్గనే అయింది. పూడిక తీస్తే చెరువులో నీళ్లు ఎక్కువ నిలుస్తయి, ఆ మట్టి చేనుకు బలం. ఇంకోదిక్కు తోలకం ఖర్చు రైతుదే, వాన పడకపోతే చెరువు నిండదు. రెండు పక్కలా పెట్టి, ఏది బరువో చెప్తే చాలు.

'మూల్యాంకనం'కు ముందు కొలబద్ద కావాలె. చెరువుల నిల్వ, ఆయకట్టు పెంచడం పథకం లక్ష్యం కాబట్టి ఆ రెండింటి మీదనే ప్రతి పాయింట్‌ను తూచి, ఎంతవరకు నెరవేరిందో తీర్పు రాయాలె. మట్టి బలం సంగతి ఇక్కడ ఒక్క వాక్యానికి తగ్గింది.

అసలు పని 'విమర్శనాత్మకంగా అంచనా వేయండి' దగ్గర పడ్డది. అంటే తిట్టుడు కాదు, ఆధారాన్ని ప్రశ్నించుడు. "పూడిక తీసినంక బావుల్ల నీళ్లు పెరిగినయి" అంటే, అది పూడికతోనా, ఆ ఏడు మంచి వానతోనా? అదే మండలంలో పూడిక తీయని చెరువు కింది బావులతో పోల్చితే తప్ప తేలదు.

ఇప్పుడైతే తీర్పు వాక్యం మార్జిన్‌లో ముందే రాసుకుంటున్న. ప్రశ్న మూసి ముగింపు చదివితే ఏ క్రియాపదమో తెలియకపోతే ప్లాన్ మళ్లీ వేస్తున్న.