అప్‌డేట్: f′(x) = 0 అయినా గరిష్ఠం, కనిష్ఠం ఎందుకు రాలేదంటే

నా ప్రశ్న: "x³ − 3x² + 3x + 1 డెరివేటివ్‌ని సున్నా చేస్తే x = 1 ఒక్కటే వస్తోంది. అక్కడ గరిష్ఠమా, కనిష్ఠమా?"

రెండూ కాదండీ. డెరివేటివ్ 3(x − 1)². అది 1కి ఎటువైపు చూసినా ధనాత్మకమే. గ్రాఫ్ ఎక్కుతూ వచ్చి, ఆ బిందువు దగ్గర చదునై, మళ్లీ ఎక్కుతుంది. గుర్తు మారిందో లేదో చూడకుండా రెండో డెరివేటివ్ వేశాను. అదీ సున్నా వచ్చేసరికి తల పట్టుకున్నాను.

తర్వాత 3x బదులు kx పెట్టి చూశాను. డెరివేటివ్ 3x² − 6x + k, దాని విచక్షణి 36 − 12k. k = 3 అయితే సున్నా: నా లెక్క అదే. k అంతకన్నా పెద్దదైతే విచక్షణి రుణాత్మకం, గ్రాఫ్ ఎక్కడా చదునుకాదు. చిన్నదైతేనే రెండు మలుపులు.

k = −9 తీసుకుంటే విచక్షణి 144, మూలాలు −1, 3. విలువలు f(−1) = 6 గరిష్ఠం, f(3) = −26 కనిష్ఠం. నాకు బాగా నచ్చిందేంటంటే, రెండో డెరివేటివ్ 6x − 6 ఆ మూలాల దగ్గర −12, 12 ఇచ్చింది. అంటే సరిగ్గా ±√144! అది యాదృచ్ఛికం కాదు, వర్గ సమీకరణ సూత్రంలోంచే వస్తుంది. అందుకే విచక్షణి సున్నా అయినప్పుడు రెండో డెరివేటివ్ కూడా చేతులెత్తేస్తుంది.