‘హెచ్‌డీ రెడీ’లో రెడీ అంటే ఏ రెడీ?

శ్రావణి: గ్రూపులో అడగొచ్చో లేదో తెలీదు గానీ ఇది మాట గురించే కాబట్టి అడిగేస్తున్నా. మా తమ్ముడు హాస్టల్ రూమ్‌కి 32 అంగుళాల టీవీ కొనుక్కుంటున్నాడు, ఒకదాని డబ్బా మీద హెచ్‌డీ రెడీ అని ఉంది, ఇంకోదాని మీద ఫుల్ హెచ్‌డీ. షాపతను ‘రెండూ హెచ్‌డీయేనమ్మా, ఇది రెడీగా ఉంది’ అన్నాడు. రెడీగా ఉండటం అంటే ఏంటండీ? తెలుగులో ఏమని చెప్పాలి దీన్ని?

మూర్తి: అన్నం రెడీ, కాఫీ రెడీ అన్నట్టే గదమ్మా. హెచ్‌డీ రెడీ అంటే హెచ్‌డీ తయారై ఉంది, వడ్డించుకోవడమే.

పద్మజ: మూర్తిగారూ, తిరకాసంతా అక్కడే ఉంది. మనం రెడీని రెండు రకాలుగా వాడతాం. అన్నం రెడీ అంటే పని అయిపోయింది. పెళ్లికి రెడీ అంటే పెళ్లి ఇంకా కాలేదు, ఒప్పుకున్నాడు అంతే. డబ్బా మీద ఉన్నది రెండో రెడీ. ‘హెచ్‌డీకి రెడీ’ అనాలి అసలు, ఇంగ్లీషులో ఆ ‘కి’ కనపడదు, మన చెవికేమో అన్నం రెడీలా వినపడుతుంది. ఈ ముద్ర 2005లో యూరప్‌లో తయారీదార్ల సంఘం పెట్టింది. హెచ్‌డీ సిగ్నల్ వస్తే ఈ సెట్టు తీసుకోగలదు, తెరమీద కనీసం 720 వరసల చుక్కలు, అంటే పిక్సెళ్లు, ఉంటాయి అని దానర్థం. వచ్చిన బొమ్మలోని ప్రతి చుక్కనీ ఉన్నదున్నట్టు చూపిస్తుందని కాదు.

ఇమ్రాన్: అక్కా 720 కూడా హెచ్‌డీనే గదా, మరి అది హెచ్‌డీ కాదన్నట్టు మాట్లాడుతున్రు అందరు.

పద్మజ: కాదనట్లేదు ఇమ్రాన్, 720 హెచ్‌డీయే. ఈ సెట్లలో మామూలుగా 1366 × 768 చుక్కలుంటాయి, ఫుల్ హెచ్‌డీలో 1920 × 1080. రెండోదాంట్లో దాదాపు రెట్టింపు. నేను గొడవ పెట్టుకునేది రెడీ అన్న మాటతోనే.

మూర్తి: సరే మీ ‘కి’ ఒప్పుకుంటా. కానీ 32లో ఏది కొన్నా కంటికి తేడా తెలీదు, ఇది అందరూ చెప్పేదే. మా ఇంట్లో ఉన్నది రెడీయే, వార్తలు చక్కగా కనపడతాయి.

పద్మజ: మీరు ఎంత దూరంలో కూర్చుంటారండీ?

మూర్తి: హాల్లో సోఫా నుంచి, తొమ్మిది పది అడుగులుంటుంది.

పద్మజ: అయితే మీకు సంబంధించినంతవరకు మీ మాట నూరుపాళ్లు నిజం. 32 అంగుళాల తెర వెడల్పు దాదాపు 71 సెంటీమీటర్లు, దాన్ని 1366తో భాగిస్తే ఒక్కో చుక్క అర మిల్లీమీటరు పైచిలుకు. 6/6 చూపున్న కన్ను అంత చుక్కని సుమారు ఆరడుగుల లోపల విడిగా పట్టుకోగలదు, అది దాటితే పక్కదాంతో కలిసిపోతుంది. ఫుల్ హెచ్‌డీలో చుక్క 0.37 మిల్లీమీటర్లు, అది నాలుగడుగుల దగ్గరే కలిసిపోతుంది. అంటే ఈ సైజులో తేడా తెలిసేది ఆరడుగుల లోపలే, తొమ్మిదడుగుల్లో రెండూ ఒకటే. శ్రావణీ, మీ తమ్ముడి మంచం నుంచి గోడ ఎంత దూరమో టేపు పెట్టి కొలవమనండి. గది వెడల్పు కాదు, తల దిండు మీద పెట్టినప్పుడు కళ్ల దగ్గర్నుంచి తెర దాకా.

రాజు: మా అమీర్‌పేట హాస్టల్‌లో ఆరుగురం ఉంటాం, ఛానెళ్లకి కేబుల్ తీసుకోవాలా డిష్ తీసుకోవాలా ఎవరైనా చెప్పండి బ్రో

శ్రావణి: రాజుగారూ అది వేరే ప్రశ్నండీ 😅 ఇప్పుడే తమ్ముడితో కొలిపించా, నాలుగడుగుల మూడంగుళాలు అంట. ఇంకో సంగతి, వాడు ల్యాప్‌టాప్ పెట్టి చదువుకోవడానిక్కూడా వాడతాడంట, తెలుగు పీడీఎఫ్‌లు ఎక్కువ, గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్నాడు.

వెంకట్: డీటీపీ పని చేస్తా నేను, ఇక్కడ నాకు నోరు ఆగదు. తెలుగు అక్షరానికి చుక్క అంటే ప్రాణం. థ పొట్టలో చుక్క పోతే ధ అవుద్ది, ఠ లో చుక్క పోతే ర అవుద్ది, పీఠం కాస్తా పీరం. ల్యాప్‌టాప్ 1920 × 1080 బొమ్మ పంపితే రెడీ టీవీ దాన్ని తన 1366లోకి కుదించాలి, అంటే పదిలో ఏడు వంతుల సైజు. చిన్న అక్షరంలో రెండు చుక్కల వెడల్పున్న గీత ఒకటిన్నర కూడా కాదు, అర చుక్క అనేది లేదు కాబట్టి బూడిద రంగు మరకలాగ వస్తది. ఇంగ్లీషు అక్షరం ఆ మరకని తట్టుకుంటది, మన వత్తులు తట్టుకోవు. నేను ఒక ఏడాది అట్లాంటి సెట్టు మానిటర్‌గా వాడి తలనొప్పి తెచ్చుకున్నా.

మూర్తి: కథని కధ అని రాసేవాళ్లకి టీవీ అక్కర్లేదు లెండి, ఫుల్ హెచ్‌డీలో కూడా అలాగే రాస్తారు.

ఇమ్రాన్: 😂😂 కానీ వెంకటన్నా, నాదొక డౌట్. నా టీవీకి ల్యాప్‌టాప్ పెడితే సెట్టింగ్స్‌ల 1920 × 1080 అనే చూపిస్తుంది, డబ్బా మీద కూడా ‘1080p సపోర్ట్’ అని ఉంది. అంటే నాది ఫుల్ హెచ్‌డీనే గదా?

వెంకట్: మళ్లా ఆ ‘కి’ దగ్గరికే వచ్చినవు తమ్మీ. సపోర్ట్ అంటే తీసుకుంటది అని, చూపిస్తది అని కాదు. ల్యాప్‌టాప్‌కి టీవీ ‘ఇవి తీసుకుంటా’ అని చెప్పిన లిస్టే నీకు కనపడేది. డబ్బా వెనకాల స్పెసిఫికేషన్ల దగ్గర రిజల్యూషన్ అని రాసి ఉంటది, అక్కడ 1366 × 768 ఉంటే తెర అదే. డబ్బా పారేసి ఉంటే పెయింట్‌లో ఒక పిక్సెల్ నలుపు ఒక పిక్సెల్ తెలుపు నిలువు గీతలు గీసి, 1920 × 1080లో వంద శాతం సైజులో చూడు. గీత గీత విడిగా వస్తే ఫుల్, బూడిద రంగు పట్టీలు పట్టీలుగా వస్తే కుదిస్తుందని. అంతకుముందు టీవీ పిక్చర్ మెనూలో అంచులు కోయడం ఆపెయ్, ఆ ఆపే సెట్టింగ్‌కి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడతది, ‘జస్ట్ స్కాన్’, ‘స్క్రీన్ ఫిట్’ అట్లా, దాన్ని ఆన్ చెయ్. కోయడం ఆపకపోతే ఫుల్ హెచ్‌డీలో కూడా బొమ్మని కొంచెం సాగదీసి పట్టీలే చూపిస్తది, ఊరికే దాన్ని తిట్టుకుంటవు.

ఇమ్రాన్: చూసిన. పట్టీలే వచ్చినయ్. నా పెళ్లి అయిందనుకున్న, నిశ్చితార్థమే అయిందన్నమాట.

పద్మజ: 😄 శ్రావణీ, నాలుగుంబావు అడుగులు, పైగా తెలుగు అక్షరాలు అంటే ఫుల్ హెచ్‌డీయే తీసుకోమనండి. డబ్బులు చాలకపోతే రెడీలోనే 24 అంగుళాలది చూడొచ్చు, చుక్క చిన్నదవుతుంది కాబట్టి అదే దూరంలో సినిమా వరకు నునుపుగానే ఉంటుంది, కానీ ల్యాప్‌టాప్ 1920 × 1080 పంపితే పీడీఎఫ్‌కి వెంకట్‌గారు చెప్పిన కుదింపు దాంట్లోనూ తప్పదు. ఇంకోటి, మామూలు ఎస్‌డీ ఛానెల్‌లో వచ్చేదే 576 వరసలు, దానికి ఏ టీవీ పెట్టినా లేనిది పుట్టదు.

శ్రావణి: సరేనండీ, ఫుల్లే తీసుకోమంటా. మరి తెలుగు మాట? ‘హెచ్‌డీ సిద్ధం’ అంటే మళ్లీ అన్నం రెడీలాగే ఉంది.

మూర్తి: ‘హెచ్‌డీ గ్రాహి’ అనండి. గ్రహిస్తుంది, అంతే.

వెంకట్: గ్రాహి అంటే షాపులో ఎవడికి అర్థమైతది సార్. ‘హెచ్‌డీ ఆనుతుంది’ అంటే సరి, మా దిక్కు గిన్నెలో పాలు ఆనుతయా అంటాం.

పద్మజ: ఆనడం బావుంది కానీ మా వైపు ఆనడం అంటే కంటికి కనపడటం కూడా. ‘నాకు అక్షరాలు ఆనట్లేదు’ అంటాం. మళ్లీ మొదటికే వస్తాం.

రాజు: కేబులా డిషా ఎవరూ చెప్పలేదు