అప్‌డేట్: అరికాలి మంట, వెడల్పు బూట్లు, ప్యాడ్

నా ప్రశ్న: "కావలిలో బట్టల దుకాణంలో రోజంతా నిలబడే పని. కాలివేళ్ల మొదట్లో, అడుగున నిప్పు తొక్కినట్టు మంట. ఎలాంటి చెప్పులు కొనాలి?"

నెల్లూరులో ఎముకల డాక్టరుగారికి చూపించాను. పాదాన్ని రెండు పక్కల నుంచి పిండి, మూడు, నాలుగు వేళ్ల సందులో నొక్కగానే ప్రాణం విలవిల్లాడింది. అక్కడి నరం నలిగి మందమైందట, మార్టన్ న్యూరోమా అన్నారు. షుగరు వల్ల కూడా ఇలాంటి మంట వస్తుంది కాబట్టి ఆ పరీక్షా చేయించారు, లేదు.

నరం ఇంకా నలగకుండా వెడల్పు బూట్లు తీసుకున్నాను, అదీ సాయంత్రం, పాదాలు ఉబ్బి ఉన్నప్పుడే. కాగితం మీద నిలబడి గీయించుకున్న పాదం బొమ్మపై బూటు లోపలి అట్టను పెట్టి చూశాను. వేళ్ల దగ్గర గీత అట్టను దాటితే ఆ జత వద్దు. "వాడితే సాగుతుందమ్మా" అనే మాట దుకాణాల్లో కంఠస్థం!

ఇక బూటు లోపలి అట్టకు అంటించే మెత్తటి ప్యాడ్. దుకాణం అబ్బాయి మంట ఉన్నచోటే అంటించాడు, నొప్పి రెట్టింపయింది. అది ఉండాల్సింది మంటకు కాస్త వెనక, మడమ వైపు. అప్పుడే ఎముకలు కొంచెం ఎడంగా జరిగి నరానికి చోటు దొరుకుతుంది. నొప్పి ఉన్నచోట తడి కుంకుమ పెట్టి అట్టపై నిలబడ్డాను. పడిన మచ్చకు సరిగ్గా వెనక ప్యాడ్ ముందంచు వచ్చేలా అంటించాను. పలుచనిదే తీసుకున్నాను.

మంట చాలా తగ్గింది, వేలి తిమ్మిరి మాత్రం ఇంకా ఉంది. అది తగ్గకపోతే ఇంజెక్షన్ సంగతి చూద్దామన్నారు.