రక్తం అంచు నుంచి వస్తుంటే మధ్యలో కణాలు ముందు ఎందుకు చస్తాయి?

ఫస్టియర్_2: పేగుల నుంచి వచ్చే రక్తం లివర్ లాబ్యూల్ అంచునే ముందు తాకుతుంది కదా, మరి పారాసెటమాల్ ఎక్కువైతే మధ్యలో, సెంట్రల్ వెయిన్ చుట్టూ ఉన్న కణాలు ముందు ఎందుకు పోతాయి? ఆరు మూలల లాబ్యూల్ బొమ్మ నమ్మాలా, ఎసినస్ బొమ్మా?

గడ్డిపోచ: ఆక్సిజన్ చాలక. పోర్టల్ సిర తెచ్చేది పేగులు ఒకసారి వాడేసిన రక్తం. ఉన్న ఆక్సిజన్ కాస్తా అంచు కణాలు లాగేసుకుంటాయి. ఇందులో చర్చేముంది?

పాథాలజీ పీజీ: సగమే కరెక్ట్. షాక్‌లో బీపీ పడిపోతే ఈ జవాబు సరిపోతుంది, పారాసెటమాల్‌కి సరిపోదు. మందు వెంటే వెళ్లి చూడండి. చిన్నపేగు గోడలోంచి సుపీరియర్ మెసెంటరిక్ సిరలోకి వచ్చింది. క్లోమం మెడ వెనక ప్లీహం సిర వచ్చి కలిసింది, అక్కణ్ణుంచి అది పోర్టల్ సిర. కాలేయానికి చేరే రక్తంలో సుమారు ముప్పావు వంతు ఇదే. లాబ్యూల్ మూలల్లో హెపాటిక్ ధమని రక్తం కూడా తోడై, రెండూ సైనుసాయిడ్లలోంచి మధ్యకు పారతాయి.

దారిలో అంచు కణాలకూ మందు తగిలింది. కానీ అది తానుగా విషం కాదు. దాన్ని విషంగా మార్చే సైటోక్రోమ్ ఎంజైములు సెంట్రల్ వెయిన్ చుట్టూ ఉన్న కణాల్లోనే ఎక్కువ. ఆ విషాన్ని పట్టి ఆపే గ్లూటాథయాన్ మాత్రం అక్కడే తక్కువ. అసలు కారణం ఆక్సిజన్ ఒక్కటే అయితే ఫాస్ఫరస్ విషం కూడా మధ్యనే కొట్టాలి. అది అంచును కొడుతుంది.

గడ్డిపోచ: ఫాస్ఫరస్ సంగతి తెలియదు. అయినా ఆక్సిజన్‌కి పాత్రే లేదంటే ఒప్పుకోను.

పాథాలజీ పీజీ: లేదని నేననలేదే.

ఇంటి_మనిషి: మా మావయ్యకి సిర్రోసిస్, రక్తం వాంతి చేసుకున్నారు. అదీ ఈ మధ్య కణాలు చావడం వల్లేనా?

పాథాలజీ పీజీ: కాదండీ, అది వేరే దారి. లివర్ గట్టిపడితే లోపల రక్తం సాఫీగా పారదు, పోర్టల్ సిరలో ఒత్తిడి పెరుగుతుంది. రక్తం పక్కదారిన అన్నవాహిక సిరల్లోకి మళ్లుతుంది. అవి ఉబ్బి పగిలితే వాంతిలో రక్తం పడుతుంది.

స్లైడు_మాస్టారు: రెండో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. ఆరు మూలలు పంది లివర్ స్లైడ్‌లో చక్కగా కనిపిస్తాయి, ఎందుకంటే దాని లాబ్యూళ్ల మధ్య పీచు గోడలుంటాయి. మనిషి స్లైడ్‌లో ఆ గోడలు ఉండవు, వెతికి టైమ్ వేస్ట్ చేసుకోకండి. పెద్ద పల్చటి సిర, చిన్న మందగోడ ధమని, పిత్తనాళం, మూడూ ఒక్కచోట కనిపిస్తే అది పోర్టల్ ట్రాక్ట్. ఒంటరిగా ఉన్న పల్చటి సిర మీ సెంట్రల్ వెయిన్. ర్యాపాపోర్ట్ 1954లో చెప్పిన ఎసినస్ రక్తం పారే వరసనే లెక్కలోకి తీసుకుంటుంది. నష్టాన్ని అర్థం చేసుకోవాలంటే అదే మేలు.

పాథాలజీ పీజీ: మాస్టారూ, ఎసినస్ హద్దులు మాత్రం స్లైడ్‌లో కనిపిస్తాయా? రిపోర్టులో మేమింకా 'సెంట్రిలాబ్యులర్' అనే రాస్తున్నాం.

స్లైడు_మాస్టారు: రాయండి. కానీ నష్టం ఎక్కువైనప్పుడు ఒక సెంట్రల్ వెయిన్ నుంచి పక్కదానికి వంతెనలా చచ్చిన కణాలు కనిపిస్తాయి. దాన్ని మీ ఆరు మూలల్లో ఎక్కడ ఇరికిస్తారు?

ఫస్టియర్_2: ఓహ్, ఇంటర్నల్స్‌లో నేను బాణం మధ్య నుంచి అంచుకు గీశాను. అంచుకు పారేది పిత్తం ఒక్కటేనా?